పిల్లల ట్రామా థెరపీ: సిద్ధం చేసే దశ ఎక్కడ ముగియాలి, జరిగింది ఎప్పుడు మాట్లాడించాలి

ప్రశ్న: మా అక్క కూతురికి తొమ్మిదేళ్లు. వాళ్ల నాన్న అక్కని కొట్టడం రెండేళ్లపాటు కళ్లారా చూసింది. తనకీ ఒకట్రెండుసార్లు దెబ్బలు పడ్డాయి. నాలుగు నెలల కింద అక్క పాపని తీసుకుని వేరే ఇంటికి వచ్చేసింది. ఆరు వారాలుగా థెరపీకి తీసుకెళ్తున్నాం. ఊపిరి తీయడం, మూడ్ చార్ట్, బొమ్మలు గీయడం, ఇవే చేయిస్తున్నారు. జరిగిందాని ఊసే ఎత్తట్లేదు. అడిగితే "పాప ఇంకా సిద్ధంగా లేదు" అంటున్నారు. టైమ్ వృథా అవుతోందా, మేమే తొందరపడుతున్నామా?

జవాబు:

ఊపిరి, మూడ్ చార్ట్ చేయించడంలో తప్పు లేదు. నన్ను ఆలోచనలో పడేసింది "ఊసే ఎత్తట్లేదు" అన్న మాట. వివరంగా చెప్పించడానికి ఆరు వారాలు ఆగడం మామూలే. కానీ "నాన్న అమ్మని కొట్టడం" అన్న మాట ఆ గదిలో ఆరు వారాలుగా ఒక్కసారి కూడా వినపడలేదంటే అక్కడ స్థిరపరచడం, అంటే భయాన్ని అదుపు చేసుకునే నైపుణ్యాలు నేర్పి పాపని సిద్ధం చేయడం జరగట్లేదు, జరిగిందాన్ని తప్పించుకోవడం జరుగుతోంది. ఈ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి తేడా ఎలా పట్టుకోవాలో చెప్తాను.

పిల్లల ట్రామాకి ఎక్కువ పరిశోధన ఉన్న పద్ధతి టీఎఫ్-సీబీటీ, అంటే ట్రామా మీద కేంద్రీకరించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. జూడిత్ కోహెన్, ఆంథనీ మనారినో, ఎస్తర్ డెబ్లింజర్ అనే ముగ్గురు దీన్ని రూపొందించారు. 3 నుంచి 18 ఏళ్ల పిల్లలకి, వాళ్లని చూసుకునే పెద్దలతో కలిపి చేస్తారు. మామూలుగా వారానికొకటి చొప్పున 12 నుంచి 16 సెషన్లు పడతాయి. సుమారు మూడో వంతు స్థిరపరచడానికి, మూడో వంతు జరిగింది చెప్పించి దాని మీద పని చేయడానికి, మిగిలింది తల్లీబిడ్డలు కలిసి మాట్లాడుకోవడానికీ ముందు జాగ్రత్తలకీ పోతుంది. చిన్నప్పటి నుంచీ ఏళ్ల తరబడి రకరకాల హింసకి గురై, ఎవరినీ నమ్మలేని స్థితికి వచ్చిన పిల్లలకి మొత్తం 25 సెషన్ల దాకా పట్టొచ్చు, అందులో సగం స్థిరపరచడానికే పోవచ్చు. ఈ లెక్కన మీ పాప మొదటి దశ చివరికి రావాల్సిన సమయం ఇది.

కానీ సెషన్లు లెక్కపెట్టే ముందు చూడాల్సింది ఒకటుంది. హింస నిజంగా ఆగిందా?

వేరే ఇంటికి వచ్చేశారు కాబట్టి ఆగిపోయిందని అందరూ అనుకుంటారు. విడిపోయిన తర్వాత కొన్ని నెలలు ప్రమాదం పెరిగే అవకాశమే ఎక్కువ. తండ్రి పాపని కలుస్తున్నాడా? ఎక్కడ, ఎవరి సమక్షంలో? పాపని అప్పగించేటప్పుడు గుమ్మం దగ్గర ఏం జరుగుతోంది? ఫోన్‌లో "అమ్మ ఎవరితో మాట్లాడుతోంది" అని పాపనే అడుగుతున్నాడా? "ఇది అమ్మకి చెప్పకు" అంటున్నాడా? ఇలాంటివి నడుస్తుంటే పాప భయాన్ని లక్షణం అనకూడదు, ఆ భయం ఉన్నదే చెప్తోంది. అప్పుడు ఊపిరి వ్యాయామంతో దాన్ని అణచడం తప్పు. మోగాల్సిన అలారాన్ని మనమే ఆపేసినట్టవుతుంది. అలాంటి ఇంట్లో కూడా థెరపీ చేయొచ్చు. కాకపోతే "భయపడకు" అన్నది లక్ష్యం కాదు. నిజమైన ప్రమాదమేదో, దాన్ని గుర్తుచేసేది మాత్రమే ఏదో పాప వేరుచేసుకోగలగడం లక్ష్యమవుతుంది.

భద్రతా ప్రణాళిక అంటే కాగితం మీద నాలుగు మంచి మాటలు కావు. తొమ్మిదేళ్ల పిల్లకి అది చేతల్లోకి రావాలి. గొడవ మొదలైతే మధ్యలోకి వెళ్లకూడదు. అమ్మని కాపాడటం పిల్లల పని కాదని అమ్మ నోటితోనే చెప్పాలి, ఎందుకంటే చాలామంది పిల్లలు అది తమ బాధ్యతే అనుకుంటారు. బయటికి దారి ఉన్న గదిలోకి వెళ్లాలి. వంటగదిలోకి వెళ్లకూడదు, ఆయుధంగా మారే వస్తువులు అక్కడే ఉంటాయి. ఒక్కటే తలుపున్న బాత్‌రూమ్‌లోనూ దాక్కోకూడదు. ఏ ఇంటికి పరిగెత్తాలో, ఏ నంబర్‌కి ఫోన్ చేయాలో నోటికొచ్చి ఉండాలి. "వెళ్లు" అని అర్థమయ్యే ఒక రహస్య మాట తల్లీబిడ్డల మధ్య ఉండాలి. ఇవన్నీ ఒకసారి చెప్పి వదిలేయకుండా ఇంట్లో నడిచి చూపించి, పాపతో చేయించి చూడాలి. చనిపోవాలనిపించడం, తనని తాను గాయపరచుకోవడం గురించి కూడా మొదటి సెషన్‌లోనే నేరుగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టదు.

ఇక స్థిరపరచడం. ఇది సరిగ్గా జరుగుతోందో లేదో చూపించే గుర్తు, నేర్పిన ప్రతి నైపుణ్యమూ జరిగిందానితో ముడిపడి ఉండటం. మొదటి వారంలోనే థెరపిస్టు మామూలు గొంతుతో "ఇంట్లో పెద్దవాళ్లు కొట్టుకోవడం చూసిన పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్లకి నిద్ర పట్టదు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు, తప్పు తమదే అనుకుంటారు. నువ్వు కూడా మీ నాన్న అమ్మని కొట్టడం చూశావు కదా" అనాలి. అంతే, వివరాలు అడగనక్కర్లేదు. ఈ మనిషి దగ్గర ఆ మాట అనొచ్చని పాపకి తెలుస్తుంది. ఊపిరి నేర్పేటప్పుడు "ఎప్పుడైనా హాయిగా ఉండటానికి" అంటే సరిపోదు, "నాన్న అరుపులు గుర్తొచ్చినప్పుడు ఒళ్లు బిగుసుకుంటుంది చూడు, అప్పటికి" అనాలి. ఇలా చిన్న చిన్న మోతాదుల్లో మొదటి రోజు నుంచీ ఆ జ్ఞాపకానికి దగ్గరవుతూ పోవడమే ఈ పద్ధతికి వెన్నెముక. అది లేకపోతే మిగిలేది రిలాక్సేషన్ క్లాసే.

ఊపిరి విషయంలో తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, పాప ఏడుస్తున్నప్పుడు మాత్రమే "ఊపిరి తీసుకో, తీసుకో" అంటారు. ప్రశాంతంగా ఉన్నప్పుడు సాధన చేయని పని గాభరాలో రాదు. రోజుకి రెండుసార్లు, ఐదేసి నిమిషాలు, పొట్ట ఉబ్బేలా నాలుగు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. వదలడం పీల్చడం కంటే నెమ్మదిగా ఉండాలి, అదే అసలు కిటుకు. కళ్లు మూసుకోమని, పడుకోమని బలవంతపెట్టకూడదు. కొందరు పిల్లలకి కళ్లు మూసుకుంటేనే ఆ దృశ్యాలు వస్తాయి. లైంగిక హింసకి గురైన పిల్లలకి పడుకోమనడమే భయం పుట్టిస్తుంది. లోపలి శరీరాన్ని గమనిస్తే భయం పెరిగే పిల్లలు ఉంటారు. వాళ్ల చేత కూర్చుని, కళ్లు తెరిచి, పిడికిళ్లు ఐదు సెకన్లు బిగించి వదిలే వ్యాయామం చేయించాలి.

మరో రకం పిల్లలు ఏడవరు, ఉన్నచోటే మాయమైపోతారు. చూపు ఒకచోట నిలిచిపోతుంది, పిలిస్తే పలకరు, గొంతు పసిపిల్ల గొంతులా మారుతుంది. దాన్ని మొండితనం అనుకుంటారు, అది డిసోసియేషన్. వాళ్లకి ఊపిరి పని చేయదు. పాదాలు నేలకి నొక్కించాలి, చేతికి చల్లటి వస్తువు ఇవ్వాలి, గదిలో నీలం రంగు వస్తువులు ఐదు చెప్పమనాలి. "ఇవాళ ఏ వారం? మనం ఎక్కడున్నాం? ఈ గదిలో ఎవరున్నారు?" అని మెల్లగా అడగాలి. వెనక్కి రావడానికి ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోవాలి. ఆ నిమిషాలు వారం వారం తగ్గుతుంటే అదే మెరుగుదల.

ఈ దశలో సగం పని మీ అక్కతో జరగాలి. సెషన్ అరవై నిమిషాలైతే సుమారు ముప్ఫై పాపతో, ముప్ఫై అక్కతో. పాపకి నేర్పిందే ఆ రోజే అక్కకీ నేర్పాలి. అక్కని బయట కుర్చీలో కూర్చోబెట్టి చివర్లో "బాగానే ఉంది" అని చెప్పి పంపుతుంటే మీరు నిలదీసి అడగాల్సిన సంగతి అది. ఎందుకో ఒక చిన్న దృశ్యంతో చూడండి.

రాత్రి ఎనిమిదవుతుంది. పక్కింటివాళ్లు తాళాల గుత్తి చప్పుడు చేస్తూ తలుపు తీస్తారు. హోంవర్క్ చేసుకుంటున్న పాప ఒక్కసారిగా పెన్సిల్ విసిరి తమ్ముడిని కొడుతుంది. తల్లి "వాళ్ల నాన్న బుద్ధే వచ్చింది" అని అరుస్తుంది. పాత ఇంట్లో ఎనిమిదింటికి తాళాల చప్పుడు అయిందంటే నాన్న వచ్చాడని అర్థం. పాప ఒంట్లో మేల్కొన్నది ఆ భయమే, కోపం కాదు. తల్లి ఇది పట్టుకోగలిగితే తర్వాతి రోజు ఏడూ యాభైకే పాప పక్కన కూర్చుంటుంది. చప్పుడు కాగానే "అది పక్కింటి తాళం. మనం కొత్త ఇంట్లో ఉన్నాం" అంటుంది. అలాగని తమ్ముడిని కొట్టడాన్ని వదిలేయకూడదు. పాపం అని అన్నీ చూసీచూడనట్టు పోతే పిల్లలకి ఇల్లు మరింత అగమ్యగోచరంగా అనిపిస్తుంది. "కొట్టకూడదు" అన్న నియమం ప్రశాంతంగా, ప్రతిసారీ ఒకేలా ఉండాలి, చిన్న ఫలితం ఉండాలి, కొట్టకుండా ఆగిన రోజు దాన్ని పేరుపెట్టి మెచ్చుకోవాలి. నిద్ర వేళ కూడా అంతే, రోజూ అదే సమయం, అదే క్రమం.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. "సిద్ధంగా ఉంది" అంటే ఏమిటి?

పీడకలలు ఆగడం కాదు, కోపం తగ్గడం కాదు, "నేను చెప్తాను" అని పాప తనంతట తాను అడగడం అంతకన్నా కాదు. వీటి కోసం ఎదురుచూస్తే ఎప్పటికీ సిద్ధం కారు. తప్పించుకోవడం ఈ జబ్బులోనే భాగం కాబట్టి ఏ పిల్లా ఉత్సాహంగా ముందుకు రాదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. పాప ఇప్పుడు ఉన్నచోట హింస జరగట్లేదు. వినగలిగిన పెద్దమనిషి ఒకరున్నారు. ఆత్మహత్య ప్రమాదం ప్రస్తుతం లేదు. గదిలో భయం పదికి ఏడుకి చేరితే, నేర్చుకున్న ఏదో ఒక పద్ధతితో నాలుగైదు నిమిషాల్లో నాలుగుకి దిగగలుగుతోంది. ఇది నేను వాడే కొలత. కష్టమైన మాట విన్నాక కూడా మరునాడు బడికి వెళ్లగలుగుతోంది. ఇవి ఉంటే మొదలుపెట్టొచ్చు. ఆ జ్ఞాపకాలని ముట్టుకున్న తర్వాతే పీడకలలు తగ్గుతాయి.

ఎంతకాలం స్థిరపరచాలన్న దానిపై ఈ రంగంలో వాదనలు ఉన్నాయి. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. అవసరానికి మించి సాగదీస్తే నష్టమే. నెలల తరబడి బొమ్మలు గీస్తూ పోతే "నాకు జరిగింది ఎంత భయంకరమైనదంటే డాక్టరమ్మ కూడా వినలేకపోతోంది" అని పిల్ల నేర్చుకుంటుంది. చాలాసార్లు సిద్ధంగా లేనిది పిల్ల కాదు, వినడానికి థెరపిస్టు సిద్ధంగా ఉండరు, లేదా తల్లి ఉండదు.

రెండో దశలో ఏం చేస్తారో తెలిస్తే మీ భయం కూడా తగ్గుతుంది. పాప చేత ఒక చిన్న పుస్తకం రాయిస్తారు. మొదటి అధ్యాయం తన గురించి, ఇష్టమైన రంగు, స్నేహితురాలు. తర్వాత మొదటిసారి గొడవ చూసిన రోజు, అన్నిటికన్నా ఘోరమైన రోజు, ఇల్లు వదిలి వచ్చిన రోజు, చివరికి ఇప్పుడు ఏం మారింది. వారానికి ఒక అధ్యాయం. పాప చెప్తుంటే థెరపిస్టు రాయొచ్చు, రాసింది చదివి వినిపిస్తారు. రాయడం మొదట్లో ఇలా ఉంటుంది:

"నాన్న అమ్మని కొట్టాడు. నేను మంచం కింద దాక్కున్నా. తర్వాత పొద్దున అయింది."

మూడు వాక్యాలు, భయం ఎంత అంటే ఎనిమిది. తర్వాతి వారం అదే పేజీ చదివి "మంచం కింద ఉన్నప్పుడు ఏం వినపడింది? ఒళ్లు ఎలా ఉంది? మనసులో ఏ మాట వచ్చింది?" అని అడుగుతారు. దారి చూపే ప్రశ్నలు, అంటే "అప్పుడు నిన్ను కూడా కొట్టాడు కదా" లాంటివి అడగరు. కోర్టు కేసు ఉంటే ఇది మరీ ముఖ్యం. పాప కాసేపు ఆగి అంటుంది: "నేను ఆ రోజు గ్లాసు పగలగొట్టా. నేను పగలగొట్టకపోతే నాన్న కొట్టేవాడు కాదు."

ఇన్నాళ్లూ వెతికింది ఈ వాక్యం కోసమే. రెండేళ్లుగా ఆ పిల్ల మోస్తున్నది ఇదే. అక్కడ వెంటనే "ఛ ఛ, నీ తప్పేం లేదమ్మా" అంటే మాట లోపలికి వెళ్లిపోతుంది. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసుకుని, పుస్తకం పూర్తయ్యాక దాని దగ్గరికి తిరిగి వస్తారు. "నువ్వు బడిలో ఉన్నప్పుడు నాన్న ఎప్పుడైనా అమ్మని కొట్టాడా?" "కొట్టాడు." "ఆ రోజు ఎవరు గ్లాసు పగలగొట్టారు?" పాప ఆలోచిస్తుంది. "నీ స్నేహితురాలు వాళ్లింట్లో గ్లాసు పగలగొడితే వాళ్ల నాన్న వాళ్లమ్మని కొట్టాలా?" "వద్దు, ఊడ్చేయాలి." "మరి కొట్టాలని ఎవరు అనుకున్నారు?" చివరికి పాప తన మాటల్లోనే ఆ పేజీ కింద ఇంకో వాక్యం రాస్తుంది: "గ్లాసు నేను పగలగొట్టా. కొట్టింది నాన్న." భయం అంకె ఈలోగా ఎనిమిది నుంచి ఐదుకి, ఐదు నుంచి రెండుకి దిగాలి. మూడు నాలుగు సార్లు చదివినా ఎనిమిది దగ్గరే ఆగిపోతే ఏదో చెప్పని సంగతి మిగిలి ఉంది, లేదా భద్రత ఎక్కడో తెగింది.

ప్రతి సెషన్ చివర పది పదిహేను నిమిషాలు ఆటకీ, ఊపిరికీ ఉంచాలి. ఏడుపు మధ్యలో "టైమ్ అయిపోయింది" అని పంపడం ఈ పనిలో జరిగే ఘోరమైన తప్పుల్లో ఒకటి.

ఈ దశ మొదలైన వారం రెండు వారాలు పీడకలలు, మొండితనం కొంచెం పెరగొచ్చు. అది చూసి మానేయకండి. పెరిగిన ప్రతిసారీ రెండు మూడు రోజుల్లో సర్దుకుని పాప తినడం, బడికి వెళ్లడం మామూలుగా ఉంటే ముందుకెళ్లొచ్చు. తనని తాను గాయపరచుకోవడం మొదలైనా, గంటల తరబడి మాయమైపోతున్నా, తండ్రి మళ్లీ బెదిరించడం మొదలుపెట్టినా ఆగాలి. ఆగడమంటే మొత్తం వదిలేయడం కాదు, ఒక మెట్టు దిగి నైపుణ్యాలూ భద్రతా సరిచేసుకుని మళ్లీ ఎక్కడం.

ఒక విషయం ఇంట్లోవాళ్లకి మింగుడుపడదు. పాపకి నాన్న మీద ప్రేమ కూడా ఉంటుంది. "నాన్న గుర్తొస్తున్నాడు" అంటే "అంత చేశాక కూడానా?" అనొద్దు. ఆ ప్రేమ చెప్పే చోటు లేకపోతే మిగతాది కూడా చెప్పడం మానేస్తుంది.

మందుల సంగతి కూడా చెప్పాలి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018 మార్గదర్శకాలు 18 ఏళ్లలోపు పిల్లలకి ట్రామా వల్ల వచ్చే పీటీఎస్‌డీ అనే జబ్బు కోసం మందులు వద్దనే చెప్తాయి. పిల్లలకి ట్రామా మీద కేంద్రీకరించిన సీబీటీనీ, ఈఎండీఆర్ అనే మరో పద్ధతినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించింది. కాబట్టి "ముందు మందులు వాడదాం" అంటే ఏ జబ్బుకో స్పష్టంగా అడగండి.

వచ్చే సెషన్‌కి అక్క వెళ్లినప్పుడు "ఎందుకు మాట్లాడించట్లేదు" అని అడిగితే వాదన అవుతుంది. ఇలా అడగమనండి: "పాప సిద్ధంగా ఉందని మీరు ఏ గుర్తు చూసి అనుకుంటారు? అది రావడానికి ఇంకా ఏం నేర్పాలి, ఎన్ని సెషన్లు పడుతుంది? మొదట్లో ప్రశ్నావళితో లక్షణాలు కొలిచారా, మళ్లీ ఎప్పుడు కొలుస్తారు?" పని తెలిసినవాళ్లు వీటికి సంతోషంగా, పాప పేరుతో, అంకెలతో జవాబిస్తారు. "ఇంకా చూద్దాం" తప్ప ఏమీ రాకపోతే, ఈ పద్ధతిలో శిక్షణ పొందిన మరొకరిని వెతకండి. ఈలోపు పాపని ఇంట్లో కూర్చోబెట్టి మీరే చెప్పించొద్దు. తనంతట తాను చెప్తే మాత్రం విని, "చెప్పినందుకు మంచిదైంది" అని, ఆ మాటల్ని అలాగే రాసి థెరపిస్టుకి ఇవ్వండి.

పుస్తకం పూర్తయ్యాక దాన్ని పాప అమ్మకి చదివి వినిపించే రోజు ఒకటి వస్తుంది. అంతకు ముందే అక్క దాన్ని రెండు మూడుసార్లు థెరపిస్టు దగ్గర ఒంటరిగా వినాలి, ఏడవాలి, "నేనెందుకు ముందే రాలేదు" అన్న తన బాధని అక్కడే వదలాలి. పాప చివరి పేజీ చదివి తలెత్తి చూసినప్పుడు, అమ్మ కళ్లు తడిగా ఉన్నా గొంతు నిలకడగా ఉండి, "నువ్వు మంచం కింద ఉన్నావని నాకు తెలీదు. ఇప్పుడు తెలిసింది" అని చెప్పగలగాలి. అక్క ఆ సాధన ఈ వారం నుంచే మొదలుపెట్టొచ్చు.